పాత ఆండ్రాయిడ్ టీవీలో యాప్ దానంతటదే మూసుకుపోతోంది. రోజూ క్యాష్ క్లియర్ చేస్తే అసలు ఏమవుతుంది?

కిన్నెరసాని · శనివారం, రాత్రి 9:52

మా నాన్నగారింట్లో 2018లో కొన్న 43 అంగుళాల ఆండ్రాయిడ్ టీవీ ఉంది. బొమ్మకి ఏ వంకా పెట్టలేం, ఇప్పటికీ బాగుంటుంది. గొడవంతా సీరియళ్లు వచ్చే ఒక యాప్‌తోనే. రాత్రి ఏడున్నరకి పెడతారు. ఒక ఎపిసోడ్ అయ్యాక ఇంకోటి వెతుకుదామని పోస్టర్ల పేజీలో కిందికి దిగుతుంటే, రిమోట్ నొక్కిన రెండు మూడు సెకన్లకి గానీ కదలదు. అలా కాసేపు ఈడ్చి ఈడ్చి, ఉన్నట్టుండి యాప్ మాయమై టీవీ హోమ్ స్క్రీన్ వచ్చేస్తుంది. ఏ మెసేజూ రాదు. ఆ హోమ్ స్క్రీన్ కూడా ముందు ఖాళీగా వచ్చి, ఐదారు సెకన్లకి వరసలు నిండుతాయి.

సర్వీసు సెంటర్‌కి ఫోన్ చేస్తే క్యాష్ క్లియర్ చేయమన్నారు. Settings > Apps > See all apps లోకి వెళ్లి, ఆ యాప్ దగ్గర Clear cache నొక్కుతున్నాం. నొక్కాక గంటన్నర, రెండు గంటలు శుభ్రంగా నడుస్తుంది. మర్నాడు మళ్లీ మామూలే. ఇప్పుడిది నాన్నకి దీపారాధనలా రోజూ చేసే పనైపోయింది. మొన్న వాకిట్లో నిలబడి నాకు ఫోన్‌లో "క్యాష్ క్లియర్ చేశానమ్మా, ఇప్పుడు బాగానే ఉంది" అంటుంటే పక్కింటాయన అప్పేదో తీర్చేశారనుకున్నాడట.

నా సందేహం ఒకటే. రోజూ క్లియర్ చేసినా రోజూ ఇదే జరుగుతుంటే, ఆ క్యాష్ అనేది అసలు ఏం చేస్తోంది? టీవీ మార్చడం తప్ప దారి లేదా?

---

రిమోట్ రాజు · శనివారం, రాత్రి 10:05

సింపుల్ అండి. క్యాష్ అంటే టీవీ మెదడులో పేరుకున్న చెత్త. నిండిపోతే టీవీ ఊపిరాడక యాప్‌ని బయటికి నెట్టేస్తుంది. మీరు ఒక్క యాప్‌కే చేస్తున్నారు, అన్ని యాప్‌లకీ చేయాలి. ఇంకా మంచిది, ప్లే స్టోర్‌లో క్లీనర్ యాప్ ఒకటి వేసుకోండి, పొద్దున్నే దానంతటదే ఊడ్చేస్తుంది. మా ఇంట్లో ఏడాదిగా అదే వాడుతున్నాను, ఇప్పటిదాకా ఏ సమస్యా లేదు.

---

గుత్తొంకాయ · శనివారం, రాత్రి 10:20

మాకూ అచ్చం ఇలాగే ఉండేది! గుండ్రంగా తిరుగుతూ ఆగిపోయేది. రూటర్ టీవీ ఉన్న హాల్లోకి మార్చి, 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కలిపాం. అంతే, పోయింది. మీ ఇంటర్నెట్ స్పీడెంతో ముందు చూడండి.

---

కిన్నెరసాని · శనివారం, రాత్రి 10:31

గుత్తొంకాయ గారూ, మాకు గుండ్రం తిరగదండి. వీడియో మొదలైతే చివరిదాకా బానే వస్తుంది. వెతికేటప్పుడే యాప్ మొత్తం మూసుకుపోతుంది. ఇంటర్నెట్‌ది తప్పు కాదనుకుంటా.

---

బగ్గుల బాబాయ్ · ఆదివారం, ఉదయం 7:15

నేను కొన్నేళ్లు టీవీ యాప్‌లు రాసే పనిలో ఉన్నాను, అందుకని ఇది చూసి ఆగలేకపోయాను. కిన్నెరసాని గారూ, మీరు రాసినదాంట్లో రెండు మాటలు చాలా విలువైనవి. ఒకటి, ఏ మెసేజూ లేకుండా మాయమవడం. రెండు, హోమ్ స్క్రీన్ ఖాళీగా వచ్చి తర్వాత నిండడం.

యాప్ తన తప్పుతో తానే పడిపోతే సాధారణంగా యాప్ పేరు పక్కన "has stopped" అని ఒక పెట్టె వస్తుంది. రిమోట్ నొక్కినా ఐదు సెకన్లపాటు స్పందించకుండా బిగుసుకుపోతే "isn't responding" అని వస్తుంది. ఏదీ రాకుండా చప్పుడు లేకుండా పోయిందంటే, పైనుంచి సిస్టమే దాన్ని చంపేసి ఉండొచ్చు. ర్యామ్ చాలనప్పుడు ఆండ్రాయిడ్ ఈ పని చేస్తుంది. ముందు వెనకాల ఉన్నవాటిని, అంటే తెర మీద లేనివాటిని, ఒక్కొక్కటిగా తీసేస్తుంది. అన్నీ తీసినా చాలకపోతే చివరికి మీరు చూస్తున్నదాన్నే తీసేస్తుంది. మీ హోమ్ స్క్రీన్ ఖాళీగా రావడానికి కారణం అదే. ఆ హోమ్ స్క్రీన్ కూడా ఒక యాపే, అదప్పటికే చచ్చిపోయి ఉంది, మళ్లీ మొదటి నుంచి లేస్తోంది.

ఇక క్యాష్ సంగతి. మీరు చెరిపే క్యాష్ ర్యామ్‌లో ఉండదు. టీవీ లోపలి స్టోరేజీలో, ఫోన్‌లో ఫొటోలు ఉన్నట్టే, ఫైళ్లుగా ఉంటుంది. మీ యాప్ విషయంలో అవి ఎక్కువగా పోస్టర్ల బొమ్మలు. ఒకసారి తెచ్చుకున్న పోస్టర్‌ని మళ్లీ నెట్‌లోంచి తెచ్చుకోకుండా దాచుకుంటుంది. చూస్తున్న సినిమా అందులో ఉంటుందని చాలామంది అనుకుంటారు. చాలా యాప్‌లలో ఉండదు, వీడియో ముక్కలు ర్యామ్‌లోకి వచ్చి, ఆడి, అక్కడే పోతాయి.

రాజు గారన్న "మెదడులో చెత్త" అనే మాట ఇక్కడే తిరగబడుతుంది. మెదడు ర్యామ్ అయితే, క్యాష్ అటక మీది సామాను. అటక సర్దితే వంటగదిలో చోటు పెరగదు.

కిన్నెరసాని గారూ, మూడు విషయాలు చూసి చెప్పండి. Clear cache నొక్కే ముందు అక్కడ ఎన్ని ఎంబీ అని చూపిస్తోంది? Storage లోకి వెళ్తే Available అని ఎంత ఉంది? రాత్రి టీవీని ఎలా ఆపుతారు, రిమోట్‌తోనా, గోడ స్విచ్‌తోనా?

---

రిమోట్ రాజు · ఆదివారం, ఉదయం 8:02

బాబాయ్ గారూ, మీ లెక్క ప్రకారం క్యాష్‌కీ దీనికీ సంబంధం లేకపోతే, క్లియర్ చేయగానే రెండు గంటలు ఎలా బాగుంటోంది మరి? ఆమె కళ్లారా చూస్తున్నారు కదా. అనుభవం ముందు థియరీ నిలబడదండి.

---

బగ్గుల బాబాయ్ · ఆదివారం, ఉదయం 8:40

మంచి ప్రశ్నే అడిగారు, తప్పించుకోను. Clear cache నొక్కాలంటే ఏం చేస్తారు? యాప్‌లోంచి బయటికొస్తారు. Settings తెరుస్తారు. అప్పుడు యాప్ తెర వెనక్కి వెళ్తుంది. ర్యామ్ తక్కువున్న టీవీలో వెనక్కి వెళ్లిన యాప్‌ని సిస్టమ్ ఎంతోసేపు ఉంచదు. పైగా వీళ్లింట్లో అప్పటికే అది చచ్చి ఉంది. తిరిగి తెరిస్తే కొత్తగా, ఖాళీ చేతులతో మొదలవుతుంది. బాగుపడింది ఆ కొత్త మొదలు వల్ల. పేరు మాత్రం క్యాష్‌కి వచ్చింది. ఇది నా అనుమానమే, వీళ్లింట్లో పరీక్షించి చూస్తే గానీ తేలదు.

అటక, వంటగది అన్నాను కాబట్టి లెక్క కూడా చెప్తాను. ఒక పోస్టర్ 600 పిక్సెళ్ల వెడల్పు, 900 ఎత్తు అనుకోండి. స్టోరేజీలో అది నొక్కిపెట్టిన జేపెగ్ ఫైలు, ఏ 60, 80 కేబీయో ఉంటుంది. దాన్ని తెర మీద చూపాలంటే విప్పి, ఒక్కో పిక్సెల్‌కి నాలుగు బైట్లు చొప్పున ర్యామ్‌లో పరవాలి. 600 × 900 × 4, అంటే 21 లక్షల 60 వేల బైట్లు, రెండు ఎంబీ పైమాటే. మీరు కిందికి దిగుతూ పోతే, పైన దాటిపోయినవాటిని యాప్ వెంటనే వదలకపోతే, 40 పోస్టర్లకి 86 ఎంబీ. వెనకాల నిండుగా పరుచుకునే పెద్ద బొమ్మ ఉంటుంది చూశారా, 1920 × 1080ది, అదొక్కటే 8 ఎంబీ తింటుంది. ఆ 80 కేబీ ఫైలుని మీరు చెరిపారు. ర్యామ్‌లో పరిచిన రెండు ఎంబీ అలాగే ఉంది, యాప్ పోయేదాకా ఉంటుంది.

2018 నాటి ఈ సైజు టీవీల్లో ర్యామ్ ఒకటి, ఒకటిన్నర జీబీ ఉండడం మామూలు. అందులో సిస్టమ్‌కి, వీడియో ఆడించే చిప్‌కి పక్కన పెట్టింది పోగా యాప్‌కి మిగిలేది ఎంతో మీరే ఊహించుకోండి.

క్లీనర్ యాప్ మాత్రం వద్దండి. అది కూడా ర్యామ్‌లోనే కూర్చుని ఊడుస్తుంది.

---

టెక్సస్ తెలుగోడు · ఆదివారం, ఉదయం 9:10

మధ్యలో ఒక హెచ్చరిక. Clear cache దగ్గరే Clear data అని ఇంకోటి ఉంటుంది. గుంటూరులో మా అమ్మ పోయిన నెల అది నొక్కేసింది. లాగిన్ పోయింది. లాగిన్ నా నంబర్‌తో ఉంది కాబట్టి ఓటీపీ నాకొస్తుంది. అక్కడ రాత్రి తొమ్మిది, ఇక్కడ నాకు పొద్దున్న పదిన్నర, మీటింగులో ఉన్నాను, ఫోన్ సైలెంట్‌లో ఉంది. చూసేసరికి 14 మిస్డ్ కాల్స్. ఎవరికేమైందో అని గుండె జారిపోయింది. తీరా చూస్తే సీరియల్ మిస్సవుతోందట.

---

బగ్గుల బాబాయ్ · ఆదివారం, ఉదయం 9:25

అవును, అది చెప్పడం మర్చిపోయాను. Clear cache తిరిగి తెచ్చుకోగలిగినవాటినే చెరుపుతుంది. Clear data అన్నింటినీ చెరుపుతుంది. లాగిన్, ప్రొఫైల్, భాష సెట్టింగు, ఎక్కడిదాకా చూశారో టీవీలో మాత్రమే రాసుకునే యాప్ అయితే అది కూడా. యాప్‌ని అప్పుడే కొత్తగా ఇన్‌స్టాల్ చేసినట్టు అవుతుంది. ఆ మీట నొక్కే ముందు ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుందో, ఆ ఫోన్ మేలుకుని ఉందో లేదో చూసుకోవాలి.

---

కరీంనగర్ కాక · ఆదివారం, మధ్యాహ్నం 1:30

మా ఇంట్ల 2017 టీవీ ఉంది, అదే కాలంది, అదే యాప్. ఒక్కసారి గూడ బంద్ కాలే. ఎందుకో ఇప్పుడు సమజైంది. మా నాయనమ్మ రోజు రాత్రి పండుకునేముందు గోడకున్న స్విచ్ బంద్ జేస్తది. ఎర్ర లైటు వెలుగుతుంటె కరెంటు బిల్లు పెరుగుతదని ఆమె నమ్మకం. ఎన్నిసార్లు వద్దన్నా ఇనకపోయేది. ఇన్ని రోజులు తిట్టినందుకు ఇయ్యాల ఆమెకు చాయ్ పెట్టిచ్చిన.

---

బగ్గుల బాబాయ్ · ఆదివారం, మధ్యాహ్నం 2:05

కాక గారూ, నాయనమ్మకి నా తరఫున కూడా ఒక చాయ్. రిమోట్‌లో ఎర్ర మీట నొక్కితే టీవీ ఆగిపోదు, నిద్రపోతుంది. ర్యామ్‌లో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. అలా నెలల తరబడి ఒక్కసారి కూడా రీస్టార్ట్ కాని టీవీలు ఎన్నో ఉన్నాయి.

ఒక్క జాగ్రత్త చెప్పండి ఆమెకి. ముందు రిమోట్‌తో ఆపి, ఒక నిమిషం ఆగి, అప్పుడు గోడ స్విచ్. బొమ్మ నడుస్తుండగా పీకేస్తే, అప్పుడే రాస్తున్న ఫైలు సగంలో తెగే ప్రమాదం ఉంది.

---

సీలేరు గాలి · ఆదివారం, సాయంత్రం 4:45

సగంలో తెగే ఫైలు అన్నారు కదా, మాకు అదే జరిగిందేమో. మాది ఏజెన్సీ ఊరు, వానాకాలం కరెంటు చెప్పాపెట్టకుండా పోతుంది. రెండు నెలల క్రితం అలా పోయి వచ్చాక, ఒక యాప్ తెరిస్తే లోగో కనిపించి వెంటనే మూసుకుపోయేది. ప్రతిసారీ అక్కడే. టీవీ ఆపి వేశాం, ప్లగ్ పీకి పెట్టాం, ఊహూఁ. చివరికి Clear cache నొక్కితే ఒక్క దెబ్బకి బాగైంది. మళ్లీ ఇప్పటిదాకా రాలేదు. కాబట్టి క్యాష్ క్లియర్ పనికిరాదంటే నేను ఒప్పుకోను.

---

బగ్గుల బాబాయ్ · ఆదివారం, సాయంత్రం 5:20

ఒప్పుకోవద్దు, మీ కేసులో అదే సరైన మందు. దాచుకున్న ఫైలు ఒకటి పాడైంది, యాప్ తెరుచుకుంటూనే దాన్ని చదవబోయి పడిపోతోంది. ప్లగ్ పీకితే ర్యామ్ ఖాళీ అవుతుంది గానీ పాడైన ఫైలు స్టోరేజీలో అలాగే ఉంటుంది, అందుకే లాభం లేకపోయింది. చెరిపితే కొత్తది తెచ్చుకుంది.

మీ కేసునీ, కిన్నెరసాని గారి కేసునీ పక్కపక్కన పెట్టి చూడండి. మీది ప్రతిసారీ ఒకే చోట, తెరిచిన క్షణంలోనే పడిపోయేది. రీస్టార్ట్‌కి లొంగలేదు. క్యాష్ చెరిపాక తిరిగి రాలేదు. వాళ్లది వాడగా వాడగా ముదిరి పడిపోతోంది, చెరిపినా మర్నాటికి తిరిగొస్తోంది. రోజూ వేయాల్సి వస్తోందంటే ఆ మందు ఆ జబ్బుది కాదేమో అనుకోవాలి.

---

కిన్నెరసాని · ఆదివారం, రాత్రి 8:10

అడిగినవి చూశాను. క్యాష్ 38 ఎంబీ. Storage లో Available 1.1 జీబీ ఉంది. మొత్తం 8 జీబీ టీవీ అన్నారు గానీ అందులో మనకి చూపించేది ఐదు లోపే. రాత్రి రిమోట్‌తోనే ఆపుతారు, ప్లగ్ పీకి ఎన్నాళ్లయిందో నాన్నకే గుర్తు లేదు. నాన్న రేపట్నుంచి నాలుగు రోజులు మీరు చెప్పినట్టు చేస్తానంటున్నారు. ఆయన రిటైర్డ్ లెక్కల మాస్టారు, కాగితం మీద గళ్లు కూడా గీసుకున్నారు. ఏం చేయమంటారు?

---

బగ్గుల బాబాయ్ · ఆదివారం, రాత్రి 8:35

మాస్టారికి నమస్కారాలు. స్టోరేజీ నిండలేదు, 38 ఎంబీ క్యాష్ అసలు లెక్కలోకే రాదు. గ్లైడ్ అని పోస్టర్లు తెచ్చే లైబ్రరీ ఒకటి చాలా యాప్‌లలో ఉంటుంది, మనం ప్రత్యేకంగా చెప్పకపోతే అది స్టోరేజీలో 250 ఎంబీ దాకా దాచుకోవడానికి సిద్ధపడి ఉంటుంది.

సోమవారం ఎప్పటిలాగే చూసి, పడిపోయాక Clear cache. ఎంతసేపు నడిచిందో రాసుకోండి. మంగళవారం పడిపోయాక క్యాష్ ముట్టుకోకుండా Force stop మాత్రమే నొక్కి తెరవండి. బుధవారం యాప్ ఇంకా పడిపోకముందే, ఈడ్వడం మొదలైనప్పుడు, త్వరగా వెళ్లి Clear cache నొక్కి వెంటనే యాప్‌లోకి తిరిగి రండి, Force stop వద్దు. గురువారం సీరియల్‌కి ముందే రిమోట్‌తో ఆపి, ప్లగ్ పీకి, రెండు నిమిషాలాగి పెట్టండి. ఇంకేం చేయొద్దు.

---

బౌండరీ లైన్ · సోమవారం, రాత్రి 10:50

నాదీ ఇక్కడే అడగొచ్చా? లైవ్ క్రికెట్‌లో బొమ్మ ఆగిపోతుంది, కామెంటరీ మాత్రం వినిపిస్తూనే ఉంటుంది. పది సెకన్లకి బొమ్మ గెంతి కలుస్తుంది. వికెట్ పడిందని మాట ముందు వినిపించి, బొమ్మలో బౌలర్ ఇంకా పరిగెడుతూ ఉంటాడు. క్యాష్, డేటా రెండూ చెరిపాను, రీస్టార్ట్ చేశాను. ఏమీ లేదు. టీవీ 2016ది. పాత సినిమాలు అదే యాప్‌లో హాయిగా వస్తాయి.

---

బగ్గుల బాబాయ్ · సోమవారం, రాత్రి 11:15

మాట వస్తూ బొమ్మ ఆగిందంటే నెట్ బాగానే ఉంది, యాప్ బతికే ఉంది. బొమ్మ విప్పే చిప్ వెనకబడుతోంది. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, క్రికెట్ లైవ్ 50 దాకా ఉండొచ్చు, అంటే రెట్టింపు పని. క్యాష్‌కి దీనితో ఏ సంబంధమూ లేదు. యాప్‌లో క్వాలిటీ ఆటో నుంచి ఒక మెట్టు దించి చూడండి.

---

బౌండరీ లైన్ · మంగళవారం, రాత్రి 11:40

720కి దించాను. తగ్గింది గానీ పోలేదు. పోయిన ఏడాది ఇదే టీవీలో ఇదే యాప్‌లో పూర్తి క్వాలిటీలో చూశాను మరి. చిప్ మారలేదు కదా.

---

బగ్గుల బాబాయ్ · బుధవారం, ఉదయం 6:50

అక్కడ నేను చేతులెత్తేస్తున్నాను. యాప్ అప్‌డేట్‌లో వీడియో కోడెక్ మార్చి ఉండొచ్చు, వెనకనుంచి పంపే స్ట్రీమ్ మారి ఉండొచ్చు. బయటినుంచి చెప్పలేను. పాత వెర్షన్ ఏపీకే వెతుక్కుని వేసుకోమని ఎవరైనా అంటారు. చాలాసార్లు అది తెరవగానే అప్‌డేట్ చేయమని మొండికేస్తుంది, ఎక్కడినుంచి వచ్చిన ఫైలో కూడా తెలియదు. నేనైతే వేయను.

---

కిన్నెరసాని · శుక్రవారం, ఉదయం 10:05

మాస్టారి కాగితం చూసి యథాతథంగా రాస్తున్నాను.

సోమవారం, Clear cache తర్వాత గంటా యాభై నిమిషాలు. మంగళవారం, Force stop ఒక్కటే, గంటా నలభై. బుధవారం, ఈడుస్తుండగా Clear cache నొక్కి తిరిగొస్తే, యాప్ మొదటి నుంచి తెరుచుకోలేదు, వదిలిన పేజీలోనే ఉంది. పోస్టర్లన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ వచ్చాయి, ఈడ్పు తగ్గలేదు, 12 నిమిషాల్లో పోయింది. గురువారం ప్లగ్ పీకి పెట్టాక, పదకొండింటికి పడుకునేదాకా ఒక్కసారి కూడా పడిపోలేదు. కాగితం అడుగున నాన్న "క్యాష్ నిర్దోషి" అని రాసి కింద గీత గీశారు.

---

రిమోట్ రాజు · శుక్రవారం, ఉదయం 10:40

సరే, ఒప్పుకుంటున్నాను. కానీ ఒక మాట. మా టీవీలో Available 120 ఎంబీకి పడిపోయినప్పుడు యాప్‌లు అప్‌డేట్ కాలేదు, అన్నీ నత్తనడక నడిచాయి. అప్పుడు అన్ని క్యాష్‌లూ చెరిపితేనే దారికొచ్చింది. అది నిజమా కాదా?

---

బగ్గుల బాబాయ్ · శుక్రవారం, ఉదయం 11:20

నూటికి నూరుపాళ్లు నిజం. స్టోరేజీ అంచుకి వచ్చినప్పుడు యాప్ కొత్త ఫైలు రాయలేదు, అప్‌డేట్ దిగదు. ఆండ్రాయిడ్ మామూలుగా మొత్తంలో 5 శాతం లేదా 500 ఎంబీ, ఏది తక్కువైతే అది, ఖాళీ లేకపోతే కొరత అని మొత్తుకోవడం మొదలుపెడుతుంది. మీ 120 దానికి కిందే ఉంది. అటక నిండి తలుపు పడకపోతే అటకే సర్దాలి. అయితే వాడుతున్న కొద్దీ క్యాష్ మళ్లీ నిండుతుంది. చూడని యాప్ రెండు తీసేస్తే ఆ చోటు మీకే ఉంటుంది.

కిన్నెరసాని గారూ, ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లెవరైనా ఉంటే, అనుమానం పూర్తిగా తీరడానికి ఒక పని. టీవీలో About లోకి వెళ్లి Build మీద ఏడుసార్లు నొక్కితే Developer options వస్తుంది, అందులో USB debugging వేయండి. కొన్ని టీవీలు నెట్‌వర్క్ మీదుగా దీన్ని ఒప్పుకోవు, ఒప్పుకుంటే ల్యాప్‌టాప్‌లో adb అనే టూల్ వేసుకుని, టీవీ ఐపీ అడ్రస్‌తో ఇలా. యాప్ పడిపోయిన వెంటనే చేయాలి.

```
adb connect 192.168.1.7:5555
adb logcat -b crash -d
adb shell "logcat -d | grep 'has died'"
```

రెండోది యాప్ తన తప్పుతో పడిపోయిన రికార్డు. మూడోది చనిపోయిన ప్రాసెస్‌ల జాబితా.

---

కిన్నెరసాని · ఆదివారం, సాయంత్రం 6:30

తమ్ముడు వచ్చి చేశాడు. ప్లగ్ పీకకుండా రెండు రోజులు వదిలేసి, పడిపోయాక చూశాడు. రెండో కమాండ్‌కి ఏమీ రాలేదు, ఖాళీ. మూడోదానికి చాంతాడంత వచ్చింది. ఐదు నిమిషాల వ్యవధిలో 11 పేర్లు, హోమ్ స్క్రీన్, ప్లే స్టోర్, మేమెప్పుడూ తెరవని ఒక పాటల యాప్, చివర్లో మా యాప్ పేరు. దాని పక్కన "fore TOP" అని ఉంది. పని అయ్యాక USB debugging ఆపేశాడు.

---

బగ్గుల బాబాయ్ · ఆదివారం, సాయంత్రం 7:00

"fore TOP" అంటే చనిపోయినప్పుడు అది తెర మీద, అందరికంటే ముందు ఉంది. ముందు పదిమందీ పోయారు, చివరికి అదీ పోయింది. క్రాష్ రికార్డు ఖాళీ. ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇక చేయాల్సింది. ఆ పాటల యాప్ టీవీతో వచ్చింది కాబట్టి తీయడానికి కుదరకపోతే Disable నొక్కండి. మీరు వేసుకుని చూడనివి తీసేయండి. సీరియల్ యాప్ సెట్టింగుల్లో, పోస్టర్ మీద ఆగగానే దానంతటదే ఆడే ప్రివ్యూ ఉంటే ఆపేయండి, ర్యామ్‌ని బాగా తినేది అదే. వారానికి రెండుసార్లు, About లో గానీ దాని పక్కన గానీ Restart ఉంటుంది, అది నొక్కితే ప్లగ్ దాకా వంగక్కర్లేదు. Developer options లో Background process limit అని ఒకటి కనిపించి నోరూరిస్తుంది, కానీ రీస్టార్ట్ చేయగానే అది మామూలుకి వచ్చేస్తుంది, దాన్ని నమ్ముకోకండి.

ఇవన్నీ గడువు పెంచేవే. యాప్ ప్రతి అప్‌డేట్‌తో బరువెక్కుతుంది, టీవీ ర్యామ్ పెరగదు. ఏదో ఒకరోజు రీస్టార్ట్ చేసినా గంట నడవని స్థితి వస్తుంది. అప్పుడు కూడా టీవీ మార్చకండి, స్క్రీన్ బాగుందన్నారుగా. హెచ్‌డీఎంఐలో పెట్టే స్టిక్ ఒకటి కొంటే సరిపోతుంది.

---

టెక్సస్ తెలుగోడు · ఆదివారం, రాత్రి 8:15

స్టిక్ కొంటే దాంతో వచ్చిన అడాప్టర్‌కే పెట్టండి. నేను అమ్మావాళ్లకి పెట్టినప్పుడు వైరు కనపడకూడదని టీవీ వెనకాల ఉన్న యూఎస్‌బీకి పెట్టాను. రోజుకి మూడుసార్లు దానంతటదే రీస్టార్ట్ అయ్యేది. పాత టీవీ యూఎస్‌బీ 500 మిల్లీఆంప్స్ ఇస్తుంది, స్టిక్‌కి అంతకంటే ఎక్కువ కావాలి. అది తెలుసుకోవడానికి నాకు రెండు వారాలు, ఒక స్టిక్ రిటర్నూ పట్టాయి.

---

కిన్నెరసాని · ఆదివారం, రాత్రి 8:40

నాన్న రెండో రిమోట్ అంటే ససేమిరా అంటున్నారు.

---

కరీంనగర్ కాక · ఆదివారం, రాత్రి 9:05

టీవీ సెట్టింగ్స్‌ల హెచ్‌డీఎంఐ సీఈసీ ఆన్ జేయుండ్రి, ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెడ్తది. అది ఉంటె టీవీ రిమోట్‌తోనే స్టిక్ నడుస్తది. మా బావ ఇంట్ల అన్నీ పని జేస్తున్నయ్, వెనక్కి పోయే బటన్ ఒక్కటి తప్ప. అది ఎందుకో ఎవ్వరికి తెల్వది.

---

గుత్తొంకాయ · సోమవారం, ఉదయం 9:20

అన్నీ చదివాను. మాకు రూటర్ మార్చాక తగ్గిందన్నాను కదా, ఆ రోజే రూటర్‌తో పాటు టీవీ ప్లగ్ కూడా పీకి పెట్టినట్టు ఇప్పుడు గుర్తొస్తోంది. ఇక దేనివల్ల తగ్గిందో నాకు తెలియదు!

---

కిన్నెరసాని · మూడు వారాల తర్వాత, శనివారం

పాటల యాప్ Disable చేశాం, రెండు యాప్‌లు తీసేశాం, ప్రివ్యూ ఆపాం. బుధ, ఆది వారాల్లో పూజ అయ్యాక నాన్న Restart నొక్కుతున్నారు. ఈ మూడు వారాల్లో రెండుసార్లు పడిపోయింది. ఒకటి ఆయన ఊరెళ్లి వారం రోజులు రీస్టార్ట్ చేయనప్పుడు. రెండోది రీస్టార్ట్ చేసిన రోజే, మామూలు రాత్రి, ఏ కారణమూ కనపడలేదు. ఆ గడిలో నాన్న ప్రశ్నార్థకం పెట్టి వదిలేశారు.